మరకను వాసన చూసి చెప్పే లాండ్రీ అన్న కథ: ఎలా రాయాలి

ఒక లాండ్రీ షాపు ఆయన ఉంటాడు. ఏ మరకనైనా ముక్కు దగ్గర పెట్టుకుని అది దేనిదో, ఎక్కడిదో చెప్పేస్తాడు. వినగానే కథ సగం తయారైపోయినట్టు అనిపిస్తుంది. రాయడానికి కూర్చుంటే మూడో పేజీలో ఆగిపోతుంది. నాకు రెండుసార్లు ఆగింది. మొదటిసారి పదకొండు మరకలు పెట్టాను. చాయ్, పాన్, హలీం, పెన్ను ఇంకు, ఆవకాయ, అన్నీ వరసగా వాసన చూసి చెప్పేస్తున్నాడు. చదివిన స్నేహితుడు, ‘ఇది కథా, షాపు ముందు వేలాడదీసిన రేట్ల బోర్డా?’ అన్నాడు. మీరు అదే గోతిలో పడకుండా, మూడోసారి నేను ఎలా బయటపడ్డానో వరసగా చెబుతాను.

ముందు షాపు దగ్గర కూర్చోండి

రాయడానికి ముందు రెండు పొద్దుటిపూటలు పెట్టుకోండి. హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నల్లకుంట, విద్యానగర్ వైపు సందుల్లో తిరిగితే బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఇంకా కనిపిస్తుంది. ఉదయమే వెళ్లాలి. ఎందుకంటే బొగ్గులు రాజుకున్నాక షాపంతా పొగ వాసన, గంజి వాసన, కాలిన గుడ్డ వాసన. ఆ మధ్యలో ఎంత గొప్ప ముక్కయినా ఏం చేయగలదు? నేను వెళ్లిన చోట అన్న ముందు రాత్రి వచ్చిన మూటలన్నీ బొగ్గులు వెయ్యకముందే విప్పి చూసుకునేవాడు. ఆయన చూసేది వాసన కోసం కాదు, జేబుల్లో చిల్లర, టికెట్లు, పెన్నులు మిగిలాయేమోనని. కానీ నా కథకు టైం దొరికింది. మీ కథలో కూడా వాసన చూసేది పొద్దున్నే, బొగ్గులకు ముందే. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే కథకు ఒక పద్ధతి వస్తుంది. పదింటికి వచ్చిన కస్టమరుకు ఆయన ‘రేపు చెప్తా’ అనాల్సి వస్తుంది. ఆ రాత్రంతా ఆమె ఏం చేస్తుందన్నది మీకు ఊరికే దొరికిన సన్నివేశం.

అక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. మరక ఉన్న బట్ట ఇస్తే షాపు ఆయన అడిగే మొదటి ప్రశ్న ‘ఇదేం పడ్డది?’ అనే. ఊసుపోక అడగడు. ఏం పడిందో తప్పుగా తెలిస్తే బట్ట పాడవుతుంది. నెత్తురు, గుడ్డు, పాలు లాంటివాటి మీద వేడినీళ్లు పోస్తే అవి గుడ్డలోనే ఉడికి పట్టేస్తాయి. చన్నీళ్లతోనే మొదలుపెట్టాలి. తుప్పు మరక మీద బ్లీచింగ్ పోస్తే పోకపోగా ఇంకా ముదురుతుంది. దానికి పులుపు కావాలి. ఏ మరకైనా సరే, పోకముందే ఇస్త్రీ పెట్టె తగిలితే ఇక దాన్ని వదిలించడం గగనం. ఇంతలో కస్టమరు ఏం చెబుతుంది? ‘ఏమో అన్నా, చాయ్ కావచ్చు’ అంటుంది. సగం మందికి గుర్తుండదు, సగం మంది నిజం చెప్పరు.

మీ కథానాయకుడికి ఆ ముక్కు ఎందుకొచ్చిందో ఇక్కడే తేలిపోయింది. దేవుడిచ్చిన వరమనో, చిన్నప్పుడు పిడుగు పడిందనో రాయకండి. ముప్పై ఏళ్లు కస్టమర్ల మాట నమ్మలేక, బట్టనే అడగడం నేర్చుకున్నాడు. అంతే చాలు.

ముక్కుకు హద్దులు పెట్టండి

‘ఏ మరకనైనా’ అన్నది ప్రకటనకు బాగుంటుంది, కథకు ప్రమాదం. అన్నీ తెలిసినవాడికి టెన్షన్ ఉండదు, చదివేవాడికీ ఉండదు. అందుకని కాగితం మీద నాలుగైదు హద్దులు రాసుకోండి. నేను రాసుకున్నవి నిజమైన వాసనల లెక్క ప్రకారం పెట్టుకున్నాను.

ఎండిపోయిన మరకకు వాసన తక్కువ. కొంచెం తడి, కొంచెం వెచ్చదనం తగిలితే పైకి లేస్తుంది. వాన పడ్డప్పుడు ఇంట్లో పాత సంచులన్నీ వాసన కొట్టేది అందుకే. కాబట్టి మీవాడు మరక మీద నాలుగు నీటి చుక్కలు చల్లి, రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరిచి, అప్పుడు చూస్తాడు. చేతులకు పని ఉంటే పాత్ర బొమ్మలా నిలబడిపోదు.

ముక్కు అలసిపోతుంది. ఒకే వాసన వరసగా చూస్తే కాసేపటికి ఏమీ తెలియదు. అత్తరు షాపుల్లో మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూడమంటారు కానీ, దానికంటే బయటికొచ్చి మామూలు గాలి పీల్చినా సరిపోతుంది. మీవాడు మెట్టు దిగి రోడ్డు మీదికొచ్చి, తన చొక్కా భుజంలోనే ముక్కు పెట్టి ఒకసారి పీల్చి, మళ్లీ లోపలికి వెళ్లనివ్వండి.

మరకకు వయసుంటుంది. పాలు ఒలికిన రోజు తియ్యగా ఉంటాయి, మర్నాటికి పులిసిన వాసన, మూడో రోజుకు పసిపిల్లలు కక్కిన వాసన. రంజాన్‌లో షేర్వానీ మీద పడ్డ హలీం మొదట నెయ్యి, మిరియాలు, మాంసం వాసనే. పండగ అయ్యాక ఇస్తే ముక్కిపోయిన నెయ్యి ఒక్కటే మిగులుతుంది. అంటే మీవాడు ఏం పడిందో చెప్పడంతో పాటు ఎప్పుడు పడిందో కూడా ఉజ్జాయింపుగా చెప్పగలడు. కథకు ఇది చాలా పనికొస్తుంది, ఎందుకంటే అబద్ధాలు ఎక్కువగా తేదీల దగ్గరే దొరుకుతాయి.

ఇక చివరి హద్దు అన్నిటికంటే ముఖ్యం. వాసన వస్తువును చెబుతుంది, మనిషిని చెప్పదు. పాలు ఎక్కువ పోసిన చాయ్ అని చెప్పగలడు. అది ఏ హోటలుదో, పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పలేడు. చెప్పించాలని మీకు చాలా ఆశ పుడుతుంది. చెప్పించారా, మీవాడు లాండ్రీ వదిలేసి డిటెక్టివ్ అయిపోతాడు. వస్తువు తెలిసి, కారణం తెలియకపోవడం అనే ఖాళీలోనే కథ ఉంది.

వాసనకు తెలుగు మాటలు వెతకండి

ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం. నా రెండో ప్రయత్నం పాడైంది ఇక్కడే. ప్రతి వాసననూ ‘లాంటి’తో రాశాను. ‘పాత పుస్తకాల్లాంటి వాసన’, ‘తడిసిన మట్టిలాంటి వాసన’, ‘మర్చిపోయిన బాల్యంలాంటి వాసన’. చివరిది ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది.

మనకు అంత అవస్థ లేదు. వాసనకు తెలుగులో సొంత మాటలున్నాయి, అవి మన వంటింట్లోనే ఉన్నాయి. గుడ్డు, చేప కడిగిన గిన్నెది నీచు వాసన. వెంట్రుక కాలితే కమురు వాసన. అడుగంటితే మాడు వాసన. నిలవ ఉన్న బియ్యానిది ముక్క వాసన. ఆరని బట్టది చెమ్మ వాసన. పోపు సరిగా వేగకపోతే పచ్చి వాసన. ఇత్తడి చెంబు తోమకపోతే చిలుము వాసన. మురుగు, పులుపు, ఘాటు, కంపు, గబ్బు. కంపుకూ గబ్బుకూ కూడా తేడా ఉంది, మీ అమ్మనడగండి.

ఒక పని చేయండి. ఇంట్లో వయసులో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమె దగ్గర కూర్చుని, పప్పు డబ్బాల నుంచి అటక మీది పాత పెట్టె దాకా ఒక్కొక్కటి వాసన చూపించి ‘దీన్నేమంటావ్?’ అని అడిగి రాసుకోండి. మా పెద్దమ్మ అరగంటలో పంతొమ్మిది మాటలు చెప్పింది. అందులో నాలుగు నేనెప్పుడూ వినలేదు. మీ లాండ్రీ అన్న ఈ మాటలతోనే ఆలోచించాలి. ‘తీయని, మట్టి ఛాయలున్న పరిమళం’ అని ఆయన అనుకోడు. ‘చెమ్మ కాదు, నీచు కూడా కాదు, పచ్చిగా ఉంది’ అనుకుంటాడు. వద్దనుకుంటూ వద్దనుకుంటూ ఒకదాని దగ్గరికి రావడం, చదివేవాడికి ఆయన ముక్కు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఒకే ఒక్క మరక ఎంచుకోండి

పదకొండు కాదు, ఒకటి. ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి: ఈ మరక చూడటానికి ఒకటిగా, వాసనకు ఇంకొకటిగా ఉందా? రెండూ ఒకటే అయితే ముక్కుతో పనేముంది, కళ్లే చెప్పేస్తాయి.

నేను వెతికి వెతికి పసుపు దగ్గర ఆగాను. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు, అదే పారాణి, కుంకుమ చేసే పాత పద్ధతి కూడా అదే. సున్నంలోని క్షారమే బట్టల సబ్బులోనూ ఉంటుంది. అందుకే పసుపు పడ్డ చొక్కాకు తెలియక సబ్బు రుద్దితే ఎర్రటి మరక తేలుతుంది. భయంలో ఉన్నవాళ్లకు అది నెత్తురులా కనిపిస్తుంది.

రాయకముందు ఇంట్లో చేసి చూడండి, పది నిమిషాల పని. పాత తెల్ల గుడ్డ తీసుకోండి. పావు చెంచా పసుపు రెండు చెంచాల నీళ్లలో కలిపి గుడ్డ మీద ఒక చోట వేయండి. ఆరాక తడిపి బట్టల సబ్బు బిళ్లతో రుద్దండి. ఎర్రబడుతుంది. ఇప్పుడు ఒక మూల నిమ్మరసం పిండండి, ఆ మేరకు మళ్లీ పసుపు రంగే వస్తుంది. మిగతాది మంచినీళ్లలో బాగా జాడించి చూడండి. సబ్బు వదిలేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు బయటపడుతుంది. చివరగా గుడ్డను ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు, రెండు మూడు ఎండలకు బాగా వెలిసిపోతుంది.

ఈ పరీక్ష నేను కథ రాసేశాక చేశాను, అదే నా తప్పు. నా కథలో ఆ తల్లి చొక్కాను శుభ్రంగా ఉతికి, ఆరబెట్టి, నాలుగు రోజుల తర్వాత తెస్తుంది. మరక ఎర్రగానే ఉంటుంది. నిజంగా అంత బాగా జాడిస్తే ఎరుపు ఉండదు. కాబట్టి ఆమె సబ్బు రుద్దగానే ఎర్రబడటం చూసి, గుండె జారిపోయి, సరిగా జాడించకుండానే పిండి కవర్లో పెట్టి తెచ్చేయాలి. మార్చి రాశాక కథ బాగుపడింది కూడా, ఎందుకంటే తడి చొక్కా కవర్లో తెచ్చిన మనిషి కంగారు అందులోనే కనిపిస్తోంది.

ఇంకో మాట. పసుపులో రంగు ఒక పదార్థానిది, వాసన వేరే నూనెలది. సబ్బుతో రుద్దితే రంగు మొండిగా ఉండిపోతుంది కానీ వాసన చాలావరకు పోతుంది. మామూలు ముక్కుకు దొరకదు. మీ కథలో పెద్ద అబద్ధం ఇదొక్కటే ఉండాలి: ఆ మిగిలిన ఇసుమంత వాసనను మీవాడు పట్టగలడు. మిగతాదంతా నిజం రాస్తే ఈ ఒక్కటీ పాఠకుడు నవ్వుతూ ఒప్పుకుంటాడు.

నెత్తురు వాసన ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ‘ఇది కాదు’ అని ఎలా అంటాడు? చిల్లర నాణేలు చెమట పట్టిన అరచేతిలో చాలాసేపు పట్టుకుంటే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. నిజానికి నాణెంలో అంత వాసన లేదు, మన చర్మం మీది జిడ్డు లోహం తగిలి మారితే వచ్చేది అది.

ఇప్పుడు సన్నివేశం రాయండి

మనుషులు ముగ్గురు చాలు. షాపు మల్లేశం, యాభై దాటిన ఒక తల్లి, ఆమె ఇరవై ఆరేళ్ల కొడుకు. కొడుకు కథలోకి రానే అక్కర్లేదు. శుక్రవారం స్నేహితుడి ఇంట్లో పనుందని వెళ్లి, రాత్రి ఆలస్యంగా వచ్చాడు, ముఖం ఇవ్వట్లేదు. గొడవ ఏదో జరిగిందని ఆమె భయం. శనివారం బకెట్లో చొక్కా పడేసి సబ్బు పెడితే కింది అంచు ఎర్రబడింది. అసలు జరిగింది వేరు. ఏదో చిన్న గుడిలో, నలుగురు స్నేహితుల మధ్య పెళ్లి చేసుకున్నాడు. పసుపుతాడు మూడు ముళ్లు వేసినప్పుడు వేళ్లకంటిన పసుపు చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. ఇది మీకు తెలియాలి. కథలో ఎక్కడా ఇంత స్పష్టంగా చెప్పకూడదు.

నేను రాసింది ఇలా వచ్చింది.

‘అన్నా, ఇది పోతదా?’

కవరు విప్పాడు. చొక్కా ఇంకా తడిగానే ఉంది. గంధం రంగు, కింద కుడివైపు అంచున నాలుగు వేళ్లంత ఎర్రటి గీతలు.

‘ఏం పడ్డదమ్మా?’

‘కుంకుమ. గుడికి పోయిండు.’

మల్లేశం ఇంకా బొగ్గులు వేయలేదు. అంచును అరచేతుల మధ్య పెట్టి కాసేపు అదిమాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ముందు సబ్బు. సబ్బును పక్కకు పెట్టాడు. చెమట, ఒక రోజుది. కర్పూరం, అది నిజమే, గుడే. నాణేల వాసన కోసం వెతికాడు, లేదు. దాని అడుగున పచ్చిగా ఏదో ఉంది. మెట్టు దిగి రోడ్డు మీద ఒకసారి గాలి పీల్చి వచ్చి మళ్లీ చూశాడు.

‘నెత్తురు కాదమ్మా’ అన్నాడు.

ఆమె కూర్చోవడానికి స్టూలు వెతుక్కుంది.

ఈ చివరి రెండు వాక్యాల కోసమే సన్నివేశం రాశాను. ఆమె నెత్తురు అనలేదు. కుంకుమ అంది. ఆయన జవాబు ఆమె అడగని ప్రశ్నకు. ‘ఆమె మనసులో భయాన్ని అతను పసిగట్టాడు’ అని రాసి ఉంటే ఏమీ మిగిలేది కాదు. ఇంకో సంగతి చూడండి. ఆమె చెప్పిన అబద్ధం ‘కుంకుమ’. పసుపుకు సబ్బు తగిలి ఆ చొక్కా మీద నిజంగా తయారైంది దాదాపు అదే. ఇది నేను ముందుగా ప్లాన్ చేసుకోలేదు, మరక గురించి తెలిశాక దానంతటదే వచ్చింది. ఒకే మరక గురించి పూర్తిగా తెలుసుకుంటే ఇలాంటివి దొరుకుతాయి.

మల్లేశానికి ఇక్కడ చిక్కు వస్తుంది. నెత్తురు కాదని చెప్పి ఊరడించాడు. ఆమె వెంటనే అడుగుతుంది, ‘మరి ఏంది?’ అని. పసుపు అంటే, మగపిల్లాడి వేళ్లకు పసుపు ఎక్కడంటిందని అడుగుతుంది. ఒక భయం తీసేసిన మాటే ఇంకో సంగతి బయటపెడుతుంది. పైగా షాపులో నిమ్మకాయ ఉంది, ఒక్క చుక్క పిండితే ఆమె కళ్ల ముందే రంగు మారిపోతుంది. పిండాలా వద్దా? కథంతా ఈ నిమ్మకాయ దగ్గర ఆగి ఉండాలి. తొందరపడకండి, ఇక్కడ ఒక పేజీ తీసుకోండి.

ఆయన మౌనం మంచితనం వల్ల అని రాయకండి. ఆ వృత్తిలో మౌనం కూడా పనిలో భాగం. ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో ముందుగా తెలిసేది బట్టలు ఉతికే ఆమెకే. తెలిసినవన్నీ చెబుతూ పోతే రేపు మూట ఎవరిస్తారు? మల్లేశం నాయనమ్మ ఈ మాట అన్నట్టు ఒక్క వాక్యం రాస్తే చాలు. అంతకుమించి ఆయన్ని సాధువును చేయకండి. నా మల్లేశం గంజి డబ్బులు విడిగా వసూలు చేస్తాడు, చెప్పిన రోజుకు ఎప్పుడూ ఇవ్వడు.

కన్నాలు పూడ్చండి

రాసినదాన్ని అనుమానం మనిషి ఎవరికైనా ఇవ్వండి. నేను మా చెల్లెలికిచ్చాను. ఆమె మొదటి ప్రశ్న: ‘సబ్బు పెట్టకముందు అది పసుపుగానే ఉంటుంది కదా, అప్పుడే కనిపించదా ఆమెకు?’ నాకు నోట మాట రాలేదు. మొదటి ప్రతిలో చొక్కా తెల్లది. తెల్ల చొక్కా మీద పసుపు గీతలు చూసిన ఏ తల్లీ నెత్తురనుకోదు. అప్పుడే చొక్కాను గంధం రంగుకు మార్చాను. ఆ రంగు మీద పసుపు కలిసిపోతుంది, సబ్బు తగిలాకే తేలుతుంది. పెళ్లికి అలాంటి చొక్కా వేసుకెళ్లడం కూడా కుదిరింది.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. ‘జీవితమంతా ఎర్రనీళ్లు కలిపిన మనిషికి పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియదా?’ దీన్ని పూడ్చలేదు, వాడుకున్నాను. ఆమెకు తెలుసు. భయంలో తట్టలేదు, అంతే. ఆమెకు అది తట్టే క్షణమే కథకు చివర. దానికోసం ముందుగా ఒక చిన్న వస్తువు పెట్టాలి. మల్లేశం మనవరాలికి ముందు రోజు దిష్టి తీశారు, గడప పక్కన రోడ్డు మీద పారబోసిన ఎర్రనీళ్ల మరక ఇంకా ఉంది. మొదటి పేజీలోనే, ఆయన షట్టర్ తీస్తూ దాన్ని దాటినప్పుడు, అర వాక్యంలో రాసేయండి. దాని మీద దృష్టి పడేలా రాయకండి.

చివర ఎక్కడ ఆపాలి

ఎక్కువమంది వెంటనే అనుకునే ముగింపు, లాండ్రీ ఆయన ముక్కు పోవడం. కరోనా తర్వాత అందరికీ అదే తడుతుంది. నాకూ తట్టింది, రాశాను, చించేశాను. ముక్కు పోతే ఆయన మీద జాలి పుడుతుంది కానీ తల్లి చొక్కా గతి ఏంటి? మొదలుపెట్టిన చిక్కు ఎక్కడుందో ముగింపు అక్కడే వెతకాలి.

నా కథలో మల్లేశం ఆమె ఉన్నంతసేపూ నిమ్మకాయ ముట్టుకోడు. ‘ఆదివారం రా అమ్మా’ అని పంపేస్తాడు. ఆమె గడప దిగుతూ ఒక్క క్షణం కిందికి చూసి, ఆగి, వెళ్లిపోతుంది. ఆయన చొక్కాను మంచినీళ్లలో నాలుగుసార్లు జాడించి, డాబా మీద తీగకు వేస్తాడు. శనివారం మధ్యాహ్నానికి పసుపు గీతలు తేలి, ఆదివారం సాయంత్రానికి చాలావరకు వెలిసిపోతాయి. ఇక్కడ టైం లెక్క చూసుకోండి. ఆమె శనివారం పొద్దున్నే వచ్చి ఉండాలి, లేకపోతే ఎండ చాలదు. వానాకాలం కథైతే ఇది అసలు కుదరదు. నేను మార్చి నెల పెట్టాను.

ఆదివారం ఆమె వస్తుంది. చొక్కా మడత విప్పదు, మరక పోయిందా అని అడగదు. డబ్బులిస్తుంది. తర్వాత నేను రాసింది ఇది.

‘అన్నా, ఈ పక్క పాన్ డబ్బాల సున్నం అమ్ముతడా?’

‘ఎంత కావాలెనమ్మా?’

‘జరంతనే. ఇద్దరికి.’

దీని తర్వాత మరో మూడు వాక్యాలు ఉండేవి. ఇంటి గడప, పళ్లెం, కొత్త కోడలు. టైపు చేసి, ఒక రోజు ఉంచి, తీసేశాను. మీరు కూడా రాయండి, రాయకపోతే చివర ఎక్కడో తెలియదు. మర్నాడు పొద్దున, బొగ్గులు రాజుకోకముందే, కొట్టేయండి.